చెకౌట్ వేళ బిల్లుపై అభ్యంతరం వచ్చినప్పుడు: ఫోలియోను అతిథితో కలిసి చదివి, సరిచేసి, లెక్క ముగించడం ఎలా

హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో కొత్తగా చేరినవారి కోసం, చేరి కొంతకాలమైనా అతిథి గొంతు పెంచగానే మేనేజర్ గది వైపు చూసేవారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. బిల్లు మీద వచ్చే అభ్యంతరాలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్నింట్లో తప్పు పూర్తిగా హోటల్‌దే అయి ఉంటుంది, కొన్నింట్లో అతిథి మరచిపోయి ఉంటారు, మరికొన్నింట్లో ఎవరి మాట నిజమో తేల్చే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఈ మూడింటినీ కలిపి ఒకే తగ్గింపుతో సర్దేయడం, లేదా మూడింటికీ ఒకే మొండి సమాధానం చెప్పడం, డెస్క్‌లో తరచుగా జరిగే పొరపాటు. ఏ పద్దుకు ఏ ఆధారం ఉందో విడివిడిగా చూసి, ఏది సరిచేయాలో, ఏది వివరించాలో, ఏది వదులుకోవాలో నిర్ణయించడమే ఇక్కడ చేయవలసిన పని.

మాట స్పష్టంగా ఉండటానికి ఒక ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకెళ్దాం. విశాఖపట్నంలోని ఒక మధ్యస్థాయి హోటల్ అనుకోండి. ఒక పెళ్లికి వచ్చిన దంపతులు, వారి ఇద్దరు పిల్లలు శుక్రవారం, శనివారం రాత్రులు 204వ గదిలో ఉన్నారు. ఆదివారం ఉదయం పదిన్నరకు సామానుతో కిందికి దిగారు. మధ్యాహ్నం రైలు ఉంది. వారి ఫోలియోలో, అంటే ఆ గది పేరిట హోటల్ నడిపే లెక్కలో, ఉన్న పద్దులు ఇవి:

- శుక్రవారం గది అద్దె ₹4,000, జీఎస్‌టీ ₹200
- శుక్రవారం రాత్రి రూమ్ సర్వీస్ భోజనం, పన్నుతో ₹882
- శనివారం మినీబార్, జ్యూస్ డబ్బా ₹120, వేయించిన జీడిపప్పు ప్యాకెట్టు ₹140, పన్నులతో కలిపి ₹260
- శనివారం లాండ్రీ, పన్నుతో ₹354
- శనివారం గది అద్దె ₹4,500, జీఎస్‌టీ ₹225

మొత్తం ₹10,421. బుకింగ్ వేళ కట్టిన ₹2,000 అడ్వాన్సు తీసేస్తే చెల్లించవలసింది ₹8,421. కాగితం చేతికి తీసుకున్న పెద్దమనిషి గది అద్దె ఎక్కువ వేశారని, ఆ భోజనం తాము తెప్పించుకోనే లేదని, మినీబార్‌లో పిల్లవాడు తాగింది ఒక్క జ్యూసేనని, ఒక చొక్కా, ఒక చీర ఇస్త్రీ ఉతుకుకు మూడు వందల యాభై రూపాయలేమిటని ఒకే ఊపులో అడిగారు. వెనక మరో మూడు కుటుంబాలు వరుసలో నిలబడి వింటున్నాయి.

ముందురోజు రాత్రే చేయవలసిన పని

ఈ నాలుగు అభ్యంతరాల్లో రెండు అసలు డెస్క్ దాకా రాకుండా ఆపగలిగినవే. మర్నాడు వెళ్లిపోయే గదుల జాబితా సాయంత్రానికే మీ చేతిలో ఉంటుంది. నైట్ షిఫ్టులో ఉన్నవారు ఆ గదుల ఫోలియోలను ఒక్కొక్కటిగా తెరిచి, ఫోలియోలో పడిన అద్దెను బుకింగ్ నిర్ధారణ పత్రంలోని అద్దెతో సరిపోల్చాలి. రెస్టారెంట్, రూమ్ సర్వీస్ పద్దులకు అతిథి సంతకం చేసిన బిల్లు ప్రతి జత చేసి ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. సంతకం లేని బిల్లు కనిపిస్తే దాన్ని ఆ రాత్రే సంబంధిత విభాగానికి తిప్పి పంపండి, ఎందుకంటే వడ్డించిన మనిషి షిఫ్టు ముగించుకొని ఇంటికి వెళ్లిపోయాక ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేవారు ఉండరు.

ఆ రోజు లెక్కలు మూసే నైట్ ఆడిట్ జరిగిన తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తేదీ మారిపోతుంది. అంతకుముందు పడిన తప్పు పద్దును అదే రోజున వాయిడ్ చేస్తే అది ఆనాటి ఆదాయంలోకి చేరకుండానే తొలగిపోతుంది. తేదీ మారాక అదే తప్పును అలవెన్సుగా, అంటే నిన్నటి ఆదాయం నుంచి నేడు తగ్గించిన మొత్తంగా, వోచరు రాసి పై అధికారి సంతకంతో సరిచేయవలసి వస్తుంది. రాత్రి రెండు నిమిషాల్లో అయ్యే పని ఉదయం పది నిమిషాల పనిగా మారడానికి కారణం ఇదే.

మొదటి మాటలు

అభ్యంతరం వినగానే చేయవలసిన మొదటి పని అతిథిని వరుస నుంచి పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టడం. మర్యాదతో పాటు దీనికి మరో కారణం కూడా ఉంది. ఫోలియోలో ఉన్నవి ఒక కుటుంబం తిన్నవి, తాగినవి, ఉతికించుకున్నవి. వాటిని గది నంబరుతో సహా కౌంటరు మీద నుంచి గట్టిగా చదివితే వారు సిగ్గుపడతారు, ఆ సిగ్గు కోపంగా మారుతుంది.

“సార్, మీరు చెప్పిన నాలుగూ రాసుకున్నాను. మనం ఇక్కడ కూర్చొని ఒక్కొక్క పద్దూ చూద్దాం. వీటి కాగితాలు తెప్పించడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. మీ రైలు ఎన్నింటికండి?” అని అడగండి. రైలు వేళ తెలుసుకోవడం వల్ల మీకు ఎంత సమయం ఉందో తెలుస్తుంది, వారికి కూడా తమ తొందరను మీరు పట్టించుకున్నారని అర్థమవుతుంది. చెప్పిన పది నిమిషాల్లో కాగితాలు రాకపోతే, రాలేదనే మాట చెప్పడానికైనా పదో నిమిషానికి వారి దగ్గరకు వెళ్లండి.

ఈ దశలో రెండు మాటలు నోటి నుంచి రాకూడదు. మొదటిది “సిస్టమ్‌లో అలాగే ఉందండి” అన్నది. సిస్టమ్‌లో ఎవరో మనిషి వేస్తేనే పద్దు పడుతుంది, ఆ సంగతి అతిథికీ తెలుసు. రెండోది “తీసేస్తాం లెండి” అన్నది. విచారించకుండా తీసేస్తే, న్యాయంగా రావలసిన పద్దు కూడా ఎందుకు ఉండాలో తర్వాత చెప్పలేరు. పైగా అడిగితే తీసేస్తారంటే మిగిలిన బిల్లులో ఇంకెన్ని దొంగ పద్దులున్నాయోనన్న అనుమానం కూడా మొదలవుతుంది.

ఫోలియో ప్రతిని సమాచారం కోసం మాత్రమే అన్న గుర్తుతో ముద్రించి ఇవ్వండి. తుది పన్ను ఇన్‌వాయిస్ నంబరు ఇంకా పుట్టకూడదు. అతిథి ఒప్పుకునే దాకా ఫోలియోను మూయకపోవడం ఈ పద్ధతి మొత్తానికీ ఆధారం, దీని కారణం తర్వాత వస్తుంది.

ఒప్పుకున్నవాటిని ముందు పక్కన పెట్టండి

కలం అతిథికే ఇచ్చి, తమకు అభ్యంతరం లేని పద్దుల మీద టిక్కు పెట్టమనండి. ఈ ఉదాహరణలో శుక్రవారం అద్దె ₹4,200 మీద టిక్కు పడింది, అడ్వాన్సు ₹2,000 సరిగ్గా చూపారని ఒప్పుకున్నారు. పదివేల బిల్లంతా తప్పు అన్న భావనతో మొదలైన సంభాషణ ఇప్పుడు నాలుగు పద్దుల మీదికి వచ్చి ఆగింది. సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే టిక్కు పడిన పద్దులను మొదటి విండోలో ఉంచి, అభ్యంతరమున్నవాటిని రెండో విండోలోకి మార్చండి. అవసరమైతే మొదటిదాన్ని విడిగా ముగించవచ్చు.

ఒక్కొక్క పద్దుకూ దాని కాగితం

గది అద్దె విషయంలో ప్రమాణం బుకింగ్ నిర్ధారణ పత్రం. గోడ మీది టారిఫ్ బోర్డుకు, ఇవాళ వెబ్‌సైట్‌లో కనిపించే ధరకు ఇక్కడ పని లేదు. అతిథి ఫోన్లో ఉన్న నిర్ధారణ సందేశాన్ని, మీ దగ్గరున్న రిజర్వేషన్ నోటును పక్కపక్కన పెట్టి చదవండి. ఇక్కడ పెళ్లివారి బృందానికి రెండు రాత్రులకూ ₹4,000 చొప్పున మాట ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం శనివారం వారాంతపు రేటు కోడు దానంతట అదే ఎక్కి ₹4,500 పడింది. హోటల్ తప్పు స్పష్టమే. బుకింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చిన గది అయితే, డబ్బు అతిథి ఏజెన్సీకి ముందే కట్టారా, లేక హోటల్లో కట్టాలా అన్నది మొదట చూడాలి. ముందే కట్టిన అద్దెను మళ్లీ అడగడం కంటే అతిథిని మండించేది మరొకటి ఉండదు.

భోజనం పద్దుకు రెండు కాగితాలుంటాయి. ఒకటి వంటింటికి వెళ్లిన ఆర్డరు చీటీ, అంటే కేఓటీ, రెండోది అతిథి సంతకం చేసిన బిల్లు ప్రతి. రెండూ తెప్పించి చూస్తే కేఓటీ మీద 402 అని ఉంది. బిల్లు మీది సంతకం 204వ గది రిజిస్ట్రేషన్ కార్డు మీది సంతకానికి ఏమాత్రం దగ్గరగా లేదు. రాత్రి క్యాషియరు అంకెలు తారుమారు చేసి ఎక్కించాడు. ఇలాంటి తప్పు ఎలా జరిగిందో అతిథికి ఒక్క వాక్యంలో చెప్పండి: “వేరే గది భోజనం పొరపాటున మీ ఫోలియోలో పడిందండి, తీసేస్తున్నాం.” ఏ గది, ఆ గదిలో ఎవరు అన్నది చెప్పకండి, ఆ బిల్లు కాగితాన్ని వారి చేతికి ఇవ్వకండి. ఒకవేళ బిల్లు మీద ఏ సంతకమూ లేకుండా గది నంబరు మాత్రమే ఉంటే, అతిథి కాదన్న పక్షంలో హోటల్ నిలబడి అడగడానికి ఆధారం లేనట్టే.

మినీబార్ ఎప్పుడూ తగువుల పుట్ట. దీనికి అతిథి సంతకం ఉండదు, హౌస్‌కీపింగ్ వారు రాసుకున్న చీటీ ఒక్కటే ఉంటుంది. ఆ చీటీలో చూడవలసింది శనివారం ఏం తగ్గిందన్నది ఒక్కటే కాదు. శుక్రవారం ఈ కుటుంబం గదిలోకి రాకముందు మినీబార్ నిండుగా ఉందని ఎవరైనా లెక్కచూసి రాశారా అన్నది అంతకంటే ముఖ్యం. ఉదాహరణలో శనివారం చీటీ ఉంది, శుక్రవారం చీటీలో మినీబార్ గడి ఖాళీగా ఉంది. అంటే జీడిపప్పు ప్యాకెట్టు అంతకుముందున్న అతిథి తీసుకొని ఉండవచ్చు. జ్యూస్ తాగామని వారే ఒప్పుకున్నారు. జీడిపప్పు తినలేదన్న మాటను కాదనడానికి మీ దగ్గర ఏమీ లేదు. అనుమానపు లాభం అతిథికే చెందాలి. గది తాళం ఎప్పుడెప్పుడు తెరిచారో చూపే లాగ్ తీసి సాక్ష్యం వెతుకుదామని కొందరు ఉత్సాహపడతారు. తలుపు తెరిచిన వేళ ప్యాకెట్టు ఎవరు విప్పారో చెప్పదు. నూట నలభై రూపాయల కోసం అతిథిని దొంగగా చూపే ఆ పని నా దృష్టిలో చేయకూడనిది.

లాండ్రీ పద్దు వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. లాండ్రీ చీటీ మీద గృహిణి సంతకం ఉంది, సాయంత్రం పెళ్లికి కావాలని అత్యవసరం అన్న గడిలో టిక్కు కూడా ఉంది. మామూలు ఉతుకుకు ₹200, అత్యవసరానికి దానిలో సగం అదనంగా ₹100, ఈ మూడు వందల మీద 18 శాతం పన్ను ₹54, మొత్తం ₹354. ఈ ధరలు చీటీ వెనక ముద్రించి ఉన్నాయి. హోటల్ చేసిన పనికి హోటల్ ముందే చెప్పిన ధర ఇది. ఇది నిలబడే పద్దు.

సరిచేయడం: మూడు తప్పులకు మూడు దారులు

ఇక్కడ చాలామంది ఒక సులువైన దారి తొక్కుతారు. తీసేయవలసిన మొత్తాలన్నీ కూడి, డిస్కౌంటు అన్న పేరుతో ఒకే పద్దు వేసేస్తారు. అతిథికి చెల్లించవలసిన మొత్తం సరిగ్గానే వస్తుంది, కాని పన్ను తప్పుతుంది, ఏ విభాగం ఆదాయం తగ్గిందో తెలియదు, వేరే గది భోజనం డబ్బు ఎప్పటికీ రాదు. అందుకని ఒక్కొక్కదాన్నీ దాని దారిలోనే సరిచేయాలి.

శనివారం అద్దె రాత్రి ఆడిట్‌లో పడిపోయింది కాబట్టి దాన్ని వాయిడ్ చేయలేరు. గది అద్దె ఖాతాలోనే ₹500 అలవెన్సు వేసి, దానితో పాటు ₹25 పన్ను కూడా తగ్గేలా చూడండి. వోచరు మీద కారణం పూర్తిగా రాయండి: “నిర్ధారించిన రేటు ₹4,000, వారాంతపు రేటు పొరపాటున పడింది.” అతిథి అసంతృప్తి అని రాస్తే ఆడిట్ చేసేవారికి అది మీరు చేసిన ఉపకారంలా కనిపిస్తుంది, తప్పు మూలం ఎవరికీ తెలియదు. ఎంత మొత్తం దాకా మీరే సరిచేయవచ్చు, ఎక్కడి నుంచి డ్యూటీ మేనేజర్ సంతకం కావాలన్నది ఒక్కొక్క హోటల్లో ఒక్కో తీరు. మీ పరిమితి ఎంతో షిఫ్టు మొదట్లోనే తెలుసుకొని ఉండండి.

పన్ను విషయంలో ఒక మెలిక గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ₹7,500 దాకా ఉన్న గది అద్దె మీద 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్‌టీ పడుతోంది. పన్ను రేటు నిర్ణయమయ్యేది ఆ రాత్రికి నిజంగా వసూలు చేసిన అద్దె మీద. కాబట్టి ఒప్పుకున్న అద్దె ₹7,400 అయి ఉండి ఫోలియోలో ₹7,800 పడితే, తేడా నాలుగు వందలతో ఆగదు. తప్పు పద్దు మీద పన్ను ₹1,404 పడి ఉంటుంది, సరైన పన్ను ₹370 మాత్రమే. నాలుగు వందలు డిస్కౌంటు ఇచ్చి క్షమాపణ చెప్పి పంపితే అతిథి ఇంకా వెయ్యికి పైగా అదనపు పన్ను కట్టి వెళ్తారు. ₹7,500 గీత దగ్గరి అద్దెల్లో తప్పు పద్దును పూర్తిగా వెనక్కి తీసి, సరైన అద్దెతో మళ్లీ వేయడమే క్షేమం. నిన్నటి కన్నా ఇవాళ పన్ను శాతం పెరిగిందేమిటని అతిథి అడిగితే కూడా తరచుగా కారణం ఇదే అయి ఉంటుంది: ఒక రాత్రి అద్దె గీతకు ఇవతల, మరో రాత్రి అవతల.

భోజనం పద్దుకు అలవెన్సు వేయకండి, ఆ భోజనం హోటల్ నిజంగానే వడ్డించింది. దాన్ని 402వ ఫోలియోకు బదిలీ చేయండి. అయితే 402లో ఉన్నవారికి చెప్పకుండా వేస్తే రేపు ఇదే తగువు వారితో వస్తుంది. వారు ఇంకా హోటల్లోనే ఉంటే ఫోన్ చేసి, “మీ శుక్రవారం భోజనం బిల్లు మా పొరపాటు వల్ల ఆలస్యంగా మీ ఖాతాలోకి వస్తోందండి, మీరు సంతకం చేసిన ప్రతి నా దగ్గరుంది” అని చెప్పి వేయండి. వారు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఏం చేయాలన్నది మేనేజర్ నిర్ణయం. 204వ వారిని ఆ నిర్ణయం కోసం కూర్చోబెట్టకూడదు.

మినీబార్‌లో జీడిపప్పు ₹140 మాత్రమే తీసి, జ్యూస్ ₹120 ఉంచండి. రెండూ తీసేస్తే ఉదారంగా ఉంటుంది కదా అనిపిస్తుంది గాని, తాగామని నిజం చెప్పినవారి మాటకు విలువ ఇచ్చినట్టు ఉండదు.

రెస్టారెంట్ బిల్లుల్లో సర్వీస్ చార్జీ కనిపిస్తే దానికి వేరే సంగతి. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని తమంతట తాముగా బిల్లులో కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అతిథి తీసేయమంటే వాదించకుండా, దాని మీద పడిన పన్నుతో సహా తీసేయండి.

నిలబడే పద్దును వివరించడం

హోటల్ తప్పులు ముందు సరిచేసి, కొత్త ప్రతి వారి చేతిలో పెట్టిన తర్వాతే లాండ్రీ మాట ఎత్తండి. ఈ వరుసకు కారణం ఉంది. మీరు మీ తప్పులు ఒప్పుకోవడం చూసినవారు మీరు చూపే సంతకాన్ని కూడా నమ్ముతారు. వరుస తిరగేసి ముందుగా వారి సంతకం చూపిస్తే, మిగిలిన వాటిలో మీ తప్పులు బయటపడే కొద్దీ వారు ఆ సంతకాన్ని కూడా అనుమానిస్తారు.

లాండ్రీ చీటీని వారి వైపు తిప్పి పెట్టి, వేలితో చూపకుండా, నిదానంగా చెప్పండి. “మేడమ్, శనివారం సాయంత్రానికే కావాలన్నారు కాబట్టి అత్యవసరం కింద చేశామండి. మామూలుగా అయితే రెండు వందలు, అత్యవసరానికి మరో వంద. మిగిలింది పన్ను. ధరలు వెనక వైపు ఉన్నాయి.” సంతకం మీదేనా అని అడగకండి. కాగితం చూసినవారికి తమ సంతకం తెలుస్తుంది, ఆ ప్రశ్న అడిగితే భర్త ముందు, పిల్లల ముందు జవాబు చెప్పవలసి వస్తుంది. వారు చదువుకునే దాకా మీరు మాట్లాడకుండా ఉండండి. చాలాసార్లు “ఆ, అవును, పెళ్లి హడావిడిలో నేనే ఇచ్చాను” అన్న మాట వస్తుంది. అప్పుడు గెలిచినట్టు ముఖం పెట్టకుండా తర్వాతి పద్దుకు వెళ్లండి.

ఒకవేళ బట్ట మీద మరక పడిందనో, వేళకు రాలేదనో చెబితే అది ధర మీది అభ్యంతరం కాదు, సేవ మీది ఫిర్యాదు. అత్యవసరం అని తీసుకొని రాత్రి తొమ్మిదికి ఇచ్చి ఉంటే, అత్యవసరానికి వేసిన ₹100, దాని మీది ₹18 పన్ను తీసేయడం న్యాయం. అప్పుడు కూడా మామూలు ఉతుకు ధర ఉంటుంది.

డబ్బు తీసుకోవడం

సరిచేసిన లెక్కను అతిథి ఎదుటే కూడి చూపండి. రెండు రాత్రుల అద్దె పన్నుతో ₹8,400, జ్యూస్ ₹120, లాండ్రీ ₹354, మొత్తం ₹8,874. అడ్వాన్సు ₹2,000 పోగా ₹6,874. మొదటి మొత్తం ₹10,421 నుంచి తగ్గినవి ₹525, ₹882, ₹140. రెండు వైపుల నుంచీ ఒకే అంకె వచ్చిందని చూపిస్తే ఇక లెక్క మీద ప్రశ్న మిగలదు.

చెక్-ఇన్ వేళ వారి కార్డు మీద ₹10,000 ప్రీ-ఆథరైజేషన్ పెట్టి ఉంటే, అందులో నుంచి ₹6,874 మాత్రమే తీసుకోవాలి. ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే. “పది వేలు అప్పుడే తీసుకున్నారుగా, మళ్లీ ఏమిటి?” అంటారు. అది బ్యాంకు పక్కన పెట్టిన సొమ్మని, హోటల్ ఖాతాకు ఇంకా రాలేదని, ఇప్పుడు తీసుకునే మొత్తం పోగా మిగిలినది బ్యాంకు విడిచిపెడుతుందని చెప్పండి. ఎప్పటికి విడిచిపెడుతుందో తేదీతో మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేదు. అతిథి యూపీఐలో కడతానంటే, డబ్బు వచ్చిన వెంటనే కార్డు మీది హోల్డును విడిపించి ఆ చీటీ ముద్రించి ఇవ్వండి. ఈ ఒక్క పని మరచిపోతే, ఇంత శాంతంగా ముగిసిన వ్యవహారం రెండు రోజుల తర్వాత ఫోన్ మీద మళ్లీ మొదలవుతుంది.

పొరపాటున ఎక్కువ తీసుకున్నట్టు తేలితే ఏ దారిలో డబ్బు వచ్చిందో ఆ దారిలోనే వెనక్కి పంపాలి. కార్డు మీద వచ్చిన డబ్బుకు క్యాష్ డ్రాయర్‌లో నుంచి నోట్లు తీసి ఇవ్వకండి.

డబ్బు అంది, ఫోలియో సున్నాకు వచ్చాకే పన్ను ఇన్‌వాయిస్ తీయండి. ముందు మూయవద్దన్న కారణం ఇది: ఇన్‌వాయిస్ ఒకసారి జారీ అయ్యాక అందులో ఎక్కువ వేసిన మొత్తాన్ని చెరిపి కొత్తది ముద్రించడం కుదరదు, జీఎస్‌టీ చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోటు ఇవ్వాలి. అది అకౌంట్స్ విభాగం పని, ఆదివారం ఉదయం డెస్క్‌లో అయ్యేది కాదు. కంపెనీ పేరు, జీఎస్‌టీ నంబరు కావాలేమో కూడా మూయకముందే అడగండి. హైదరాబాద్ కంపెనీ పేరు మీద బిల్లు కావాలన్నవారు రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే ఐజీఎస్‌టీ వేయమని కోరడం మామూలే. గది ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రపు పన్నే పడుతుందని, విశాఖ గదికి సీజీఎస్‌టీ, ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్‌టీ తప్ప వేరే వేయలేమని చెప్పాలి.

ఒప్పందం కుదరనప్పుడు

అన్నీ చూపినా లాండ్రీ కట్టనంటే, లేదా సంతకం చేసిన బిల్లు ప్రతి దొరక్క రైలు వేళ దగ్గరపడితే, వారిని ఆపకండి. ఒప్పుకున్న పద్దుల విండోను ముగించి డబ్బు తీసుకోండి. మిగిలిన పద్దును డ్యూటీ మేనేజర్ అనుమతితో, తేలని పద్దుల కోసం హోటల్ ఉంచుకున్న ఖాతాలోకి మార్చండి. “ఇది ఇంకా తేలలేదండి. కాగితం దొరికాక మీకు మెయిల్ చేస్తాం, మీరు చూసి సరేనంటేనే తీసుకుంటాం” అని చెప్పి, ఆ మాటే రాతలో ఇవ్వండి. వారు వెళ్లాక దాచి ఉన్న కార్డు వివరాలతో ఆ డబ్బు లాగేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అతిథి ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని తమ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ కోరితే, అనుమతి చూపే కాగితం లేని హోటల్ ఆ డబ్బు తిరిగి ఇవ్వవలసిందే.

అతిథి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానంటే అది బెదిరింపుగా తీసుకోకండి. అది వారి హక్కు. “తప్పకుండా చేయండి సార్, మా దగ్గరున్న కాగితాల ప్రతులు మీకూ ఇస్తాను” అనండి. అవే కాగితాలు రేపు మీకు కూడా కావాలి.

వారు వెళ్లిపోయాక

లాగ్ బుక్‌లో మూడు సంగతులు రాసి, ఒక్కొక్కదాన్ని సంబంధిత విభాగానికి పంపండి: గది నంబరు తారుమారైన సంగతి రూమ్ సర్వీస్‌కు, ఖాళీగా వదిలిన మినీబార్ గడి సంగతి హౌస్‌కీపింగ్‌కు, వారాంతపు రేటు కోడు సంగతి రిజర్వేషన్స్‌కు. ఈ మూడోదాన్ని మాత్రం సోమవారానికి వదలకండి. 204వ కుటుంబం వచ్చింది పెళ్లి బృందంలో భాగంగా, అదే రేటు మాట మీద. ఆ బృందం గదులన్నింటికీ శనివారం ₹4,500 పడే ఉంటుంది. ఆ జాబితా తీసి, మిగిలినవారు సామానుతో కిందికి దిగేలోపే ఒక్కొక్క ఫోలియోలోనూ ₹525 సరిచేసి, కొత్త ప్రతులు ముద్రించి పెట్టుకోండి. అప్పటికే చెకౌట్ అయిన గదులు ఉంటే వాటి ఇన్‌వాయిస్ నంబర్లు రాసి, క్రెడిట్ నోటు కోసం, డబ్బు వాపసు కోసం అకౌంట్స్‌కు ఆ ఉదయమే పంపండి, ఆ అతిథులకు మీరే ముందుగా ఫోన్ చేసి చెప్పండి.